సేవింగ్స్ ఖాతాలో రోజువారీ వడ్డీ, స్వీప్-ఇన్ డిపాజిట్: ఆరేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నేను బొబ్బిలిలో ఉపాధ్యాయుడిని. నా జీతం పడే సేవింగ్స్ ఖాతాకు ఆరేళ్ల క్రితం స్వీప్-ఇన్ సదుపాయం పెట్టించుకున్నాను. ఖాతాలో ఒక పరిమితికి మించి ఉన్న డబ్బు దానంతట అదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారుతుందని, మనకు అవసరమైనప్పుడు దానంతట అదే తిరిగి ఖాతాలోకి వస్తుందని, వడ్డీ మాత్రం డిపాజిట్ రేటున పడుతుందని కౌంటర్‌లో చెప్పారు. మొదటి రెండు మాటలు పూర్తిగా నిజం. మూడవ మాట ఎంతవరకు నిజమో పాస్‌బుక్ పక్కన పెట్టుకుని లెక్క వేసుకుంటే గాని నాకు తెలియలేదు. ఆ లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా సేవింగ్స్ వడ్డీ సంగతి. మా నాన్నగారు ఏ డబ్బు చేతికి వచ్చినా పదో తేదీలోపే బ్యాంకులో వేసేవారు, వేసిన తర్వాత నెలాఖరు వరకు తీయడానికి ఇష్టపడేవారు కాదు. అప్పట్లో ప్రతి నెలా పదో తేదీ నుంచి ఆఖరి తేదీ వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు కాబట్టి ఆయన అలవాటు సరైనదే. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ప్రతిరోజూ లావాదేవీలన్నీ ముగిశాక మిగిలిన నిల్వను తీసుకుని, ఆ ఒక్క రోజుకు వడ్డీ లెక్కకట్టి, అలా కూడిన మొత్తాన్ని చాలా బ్యాంకులు మూడు నెలలకు ఒకసారి ఖాతాలో జమ చేస్తున్నాయి. రోజు ముగిసేసరికి ఉన్న నిల్వే లెక్కలోకి వస్తుంది గనుక ఉదయం పడి సాయంత్రానికి వెళ్లిపోయిన డబ్బుకు వడ్డీ ఉండదు.

అర్థం చేసుకోవడానికి సులువైన కొలత ఒకటి ఉంది. ఏడాదికి రెండున్నర శాతం వడ్డీ అనుకుంటే, లక్ష రూపాయలు ఖాతాలో ఒక్క రోజు ఉన్నందుకు వచ్చేది 6 రూపాయల 85 పైసలు. పాతిక వేలు నాలుగు రోజులు ఉన్నా అంతే, పది వేలు పది రోజులు ఉన్నా అంతే. నిల్వను రోజులతో గుణించి, వచ్చిన మొత్తాలన్నీ కూడి, వడ్డీ రేటుతో గుణించి, 36500తో భాగిస్తే సరిపోతుంది.

ముప్పై రోజుల ఒక నెలలో నా ఖాతా సుమారుగా ఎలా నడుస్తుందో చెబుతాను. లెక్క తేలికగా ఉండాలని అంకెలను రౌండ్‌గా తీసుకున్నాను. ఒకటో తేదీన జీతం పడగానే నిల్వ 80,000 అవుతుంది. ఐదో తేదీన ఇంటి రుణం ఈఎంఐ 25,000 వెళ్లిపోతుంది, పన్నెండున 15,000, ఇరవైన మరో 15,000 ఖర్చవుతాయి, ఆపైన నెలాఖరు దాకా 25,000 నిలుస్తుంది. అంటే 80,000 నాలుగు రోజులు, 55,000 ఏడు రోజులు, 40,000 ఎనిమిది రోజులు, 25,000 పదకొండు రోజులు ఖాతాలో ఉన్నాయి. వీటిని గుణించి కూడితే సరిగ్గా పదమూడు లక్షలు వస్తుంది. దాని మీద రెండున్నర శాతం చొప్పున ఆ నెల వడ్డీ 89 రూపాయల 4 పైసలు. ఇదే రేటుకు నాన్నగారి కాలపు పద్ధతిలో అయితే నెలలో అతి తక్కువ నిల్వ అయిన 25,000 మీద 52 రూపాయలే వచ్చేవి.

ఇదే నెలను స్వీప్‌తో చూడాలి. మొదట్లో నా ఖాతాకు పరిమితి 25,000గా పెట్టారు. జీతం పడిన రోజే పైనున్న 55,000 డిపాజిట్‌లోకి వెళ్లిపోయేది. మొదటిసారి బ్రాంచిలో పాస్‌బుక్ ముద్రించుకుని చూసినప్పుడు, జీతం జమ అయిన వరుస కిందనే 55,000 ఖర్చు గడిలో కనిపించేసరికి నాకు కాళ్లు చేతులు ఆడలేదు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చూసి, “డబ్బు ఎక్కడికీ పోలేదు మాస్టారూ, మీ పేరు మీదే డిపాజిట్ అయ్యింది, కార్డు పెడితే వచ్చేస్తుంది” అని స్క్రీన్ తిప్పి చూపించింది. అది నిజమే, ఏటీఎంలో గాని చెక్కు విషయంలో గాని ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా డబ్బు అందకపోవడం జరగలేదు.

అయితే డిపాజిట్‌ను గడువుకు ముందు విరిచినప్పుడు, ప్రకటనలో చూపిన ఏడాది రేటు మనకు రాదు. డబ్బు నిజంగా ఎన్ని రోజులు ఉందో ఆ వ్యవధికి ఉన్న రేటు తీసుకుని, అందులోంచి ముందుగా తీసినందుకు జరిమానా కోస్తారు. ఏడు రోజులు కూడా నిండకపోతే వడ్డీ అసలే లేదు. మా బ్యాంకులో ఉన్నదానికి దగ్గరగా, లెక్కకు వీలుగా చెబితే, ఏడాదికి ఆరున్నర శాతం, ఏడు నుంచి నలభై ఐదు రోజులకు మూడు శాతం, ఆపైన ఆరు నెలల లోపు ఐదు శాతం, జరిమానా అర శాతం. దీని ప్రకారం నలభై ఐదు రోజుల లోపు విరిగిన డబ్బుకు చేతికి వచ్చేది రెండున్నర శాతమే, అంటే సేవింగ్స్ ఖాతాలో ఊరికే ఉంచినా వచ్చే వడ్డీయే.

నా జీతం నెలకు ఇది ఎలా పడిందో చూడండి. ఈఎంఐ కోసం ఐదో తేదీన విరిగిన 25,000 డిపాజిట్‌లో నాలుగు రోజులే ఉంది కాబట్టి దానికి సున్నా. మిగిలిన 15,000 పదకొండు రోజులు, మరో 15,000 పందొమ్మిది రోజులు ఉండి, రెండింటికీ రెండున్నర శాతమే తెచ్చుకున్నాయి. ఖాతాలో కదలకుండా ఉన్న 25,000తో కలిపి ఆ నెల వచ్చింది 82 రూపాయల 19 పైసలు. స్వీప్ లేకుండా వచ్చే దానికంటే ఇది 6 రూపాయల 85 పైసలు తక్కువ. పాతిక వేలు నాలుగు రోజులు వడ్డీ లేకుండా పడి ఉన్నందుకు పోయినది సరిగ్గా అంతే. డబ్బు చిన్నదే, కానీ ఎక్కువ వడ్డీ కోసం పెట్టుకున్న సదుపాయం నెలనెలా తక్కువ వడ్డీ ఇస్తుంటే దాన్ని అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఇల్లు కట్టినప్పుడు కలిగింది. ఇంటి కోసం పీఎఫ్ నుంచి తీసిన నాలుగు లక్షలను, జీతంతో కలవకుండా, స్వీప్ ఉన్న మరో సేవింగ్స్ ఖాతాలో వేశాను. ఇరవై రోజులకు పునాదికి లక్ష, అరవై రోజులకు స్లాబుకు మరో లక్ష తీశాను. తర్వాత వర్షాలు పట్టుకోవడం, తాపీమేస్త్రీ వేరే పనికి వెళ్లిపోవడంతో పని ఆగి, మిగిలిన రెండు లక్షలు ఏడాది గడువు నిండేదాకా కదలలేదు. చక్రవడ్డీ సంగతి పక్కన పెట్టి లెక్కిస్తే, మొదటి లక్షకు 137 రూపాయలు, అంటే సేవింగ్స్‌లో వచ్చేదే వచ్చింది. రెండవ లక్షకు జరిమానా పోగా నాలుగున్నర శాతం చొప్పున 740 రూపాయలు వచ్చింది, సేవింగ్స్‌లో అయితే 411 వచ్చేది. కదలని రెండు లక్షలకు 13,000 వచ్చింది, సేవింగ్స్‌లో అయితే 5,000 వచ్చేది. మొత్తం మీద 8,300 పైచిలుకు లాభంలో ఎనిమిది వేలు ఆ కదలని డబ్బుదే.

ఆ రెండు లక్షలు ఏడాదంతా ఉంటాయని ముందే తెలిసి ఉంటే మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా ఇంతే వచ్చేది. కానీ మేస్త్రీ ఎప్పుడు కబురు పెడతాడో, ఇనుముకు ఎప్పుడు కట్టాలో నాకు తెలియదు. ఏ భాగం ఎప్పుడు అవసరమవుతుందో తెలియని పెద్ద మొత్తానికి స్వీప్ పనికొస్తుందని, తేదీలు ముందే తెలిసిన నెల జీతానికి పనికిరాదని నేను గట్టిగా చెప్పగలను.

నాకు నిజంగా బాధ కలిగించిన విషయం ఒకటుంది. డబ్బు తీసినప్పుడు ఏ డిపాజిట్ ముందు విరగాలి అన్నది ఖాతా తెరిచే కాగితాల్లో ఎక్కడో ఒక గడి. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఒకసారి పది నెలలుగా నడుస్తున్న లక్షన్నర డిపాజిట్, పన్నెండు రోజుల క్రితమే తయారైన 60,000 డిపాజిట్ రెండూ ఉండగా 40,000 తీయవలసి వచ్చింది. మరో రెండు నెలల్లో గడువు నిండబోయే పాత డిపాజిటే విరిగింది. పది నెలల వ్యవధికి ఉన్న ఆరు శాతంలో అర శాతం కోసి ఐదున్నర చొప్పున ఇచ్చారు. మూడు వందల రోజులకు ఆ ఒక్క శాతం తేడా 329 రూపాయలు. కొత్త డిపాజిట్ నుంచి అదే సొమ్ము తీసి ఉంటే పోయేది సుమారు 53 రూపాయలే. పాస్‌బుక్‌లో ఇది కనిపించదు. డిపాజిట్ల జాబితా విడిగా తీయించి, ఏ నంబరు డిపాజిట్‌లో అసలు తగ్గిందో చూస్తేనే బయటపడింది. చివరగా వేసినది ముందుగా విరగాలని రాతపూర్వకంగా ఇచ్చాకే మార్చారు. అంతకుముందు పోయిన వడ్డీ తిరిగి రాలేదు.

పన్ను విషయంలోనూ ఒక తేడా తెలుసుకోవాలి. స్వీప్‌లోకి వెళ్లిన డబ్బు మీద వచ్చేది డిపాజిట్ వడ్డీయే గాని సేవింగ్స్ వడ్డీ కాదు. పాత పన్ను విధానంలో ఉన్న అరవై ఏళ్ల లోపువారికి 80టీటీఏ కింద పదివేల దాకా దొరికే మినహాయింపు సేవింగ్స్ వడ్డీకే వర్తిస్తుంది, స్వీప్ వడ్డీకి వర్తించదు. సేవింగ్స్ వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ కోయదు. స్వీప్ వడ్డీ మాత్రం మిగతా డిపాజిట్ల వడ్డీతో కలిసి పరిమితి దాటితే కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి ఏడాదికి 50,000, అరవై ఏళ్లు నిండినవారికి లక్ష.

ఇప్పుడు నా జీతం ఖాతాకు స్వీప్ తీయించేశాను. ఇంటి డబ్బు వేసిన ఖాతాకు మాత్రం ఉంచి, పరిమితిని 50,000కు పెంచుకున్నాను. ప్రతి మూడు నెలలకూ వడ్డీ పడగానే డిపాజిట్ల జాబితా తీయించి, ఏ నంబరు ఏ తేదీన మొదలైందో పాస్‌బుక్ వెనుక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.