జాగ్రత్త: ‘అమ్మోనియా లేదు, అంతా ఆకులే’ అంటూ అమ్మే నల్లరంగు పొడి కొనకండి

రోజూ రాత్రి లైవ్ పెట్టి గోరింటాకు, ఉసిరి, గుంటగలగర అంటూ ఊదరగొడతాడే, ఆయన గురించే ఇది. పేరు రాయను, చూసేవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అమ్మకి తెల్లజుట్టు ఎక్కువైందని ఆ పొడి తెప్పించా. డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ పాఠాలు చెప్పే మనిషిని నేను, నా తెలివికి వెయ్యి దండాలు.

‘రాత్రి కలిపి పెట్టుకుని పొద్దున రాసుకోండి, బాగా ఎక్కుతుంది’ అన్నాడు. గాజు గిన్నెలో కలిపాను. కలిపినప్పుడు లేత ఆకుపచ్చగా ఉంది. కాసేపటికి పైపొర నల్లబడింది, చెంచాతో తిప్పితే అడుగున ఇంకా ఆకుపచ్చే. అంటే గాలి తగిలినచోటే నలుపు. ఉసిరిపొడి ఇనుప మూకుడులో నల్లబడుతుంది, నిజమే, కానీ ఇది గాజు గిన్నె. గోరింటాకు రంగు ఎంత నానినా ఎరుపూ నారింజే తప్ప నలుపుకి రాదు. అప్పుడే పారబోయాల్సింది.

పొద్దున రాశాం. నుదురూ చెవులూ తారు పూసినట్టయ్యాయి, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మాత్రం మురికి గోధుమరంగు. రెండు తలస్నానాలకి అదీ పోయింది, దిండు గలీబు నల్లబడింది.

ఫోన్ చేశా. మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? ‘మా పొడిలో లోపం లేదు మేడమ్, మీ అమ్మగారిది ముసలి జుట్టు, రంగు తాగదు.’ అమ్మ పక్కనే ఉంది, స్పీకర్‌లో వింది. సరే, అందులో పిపిడి, అంటే డబ్బా రంగుల్లో నలుపు పుట్టించే పారాఫినిలీన్‌డయమీన్ అనే రసాయనం, ఉందా అని అడిగా. ‘చదువుకున్నోళ్ళతో ఇదే గొడవ’ అని పెట్టేశాడు. ఆ తర్వాత బ్లాక్.

ముసలి జుట్టు తాగదట! అరగంటలో నల్లబడి నెలల తరబడి నిలిచే రంగు అసలు రంగుగా జుట్టులోకి వెళ్ళదు నాయనా. రంగులేని చిన్న అణువులుగా వెళ్ళి, లోపల రంగవుతుంది. వెంట్రుక పైన క్యూటికిల్ ఉంటుంది, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొలుసులు. అమ్మోనియా లాంటి క్షారం తగిలి పీహెచ్ 9, 10 దాకా వెళితే వెంట్రుక ఉబ్బి ఆ పొలుసులు వదులవుతాయి. ఆ సందుల్లోంచి పిపిడి, దాని జోడీ రిసార్సినాల్ లాంటివి, హైడ్రోజన్ పెరాక్సైడ్, అన్నీ వెంట్రుక లోపలి భాగమైన కార్టెక్స్‌లోకి దిగుతాయి. పిపిడి అణుభారం 108 మాత్రమే, అందుకే దూరగలదు. లోపల పెరాక్సైడ్ రెండు పనులు చేస్తుంది. జుట్టుకి సహజంగా రంగునిచ్చే మెలనిన్‌ని కొంత వెలిసేలా చేస్తుంది, పిపిడిని ఆక్సీకరిస్తుంది. ఆక్సీకరణం చెందిన పిపిడి ఊరుకోదు, పక్కనున్న జోడీని పట్టుకుని రెండేసి, మూడేసి అణువులు కలిసిన పెద్ద అణువవుతుంది. రంగు పుట్టేది అప్పుడే. ఆ లావుకి వచ్చినదారిన బయటపడటం కష్టం, కార్టెక్స్‌లోనే చిక్కుకుపోతుంది. తలస్నానాలకి కొద్దికొద్దిగా జారిపోయేది పోగా మిగిలింది ఆ వెంట్రుకతోనే ఉంటుంది. కుదుళ్ళలోంచి కొత్తగా వచ్చేది తెల్లగానే వస్తుంది.

ఇప్పుడు రాత్రంతా నానబెట్టమన్న సలహా చూడండి. గోరింటాకుకి అది సరైనదే. కానీ ఇలాంటి ‘నల్ల గోరింటాకు’ పొడుల్లో చాలావాటిలో పిపిడితో పాటు బేరియం పెరాక్సైడ్ కలుపుతారు. నీళ్ళు పడగానే అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. పైన గాలీ తోడై, జుట్టులో జరగాల్సిన ఆక్సీకరణం గిన్నెలోనే మొదలవుతుంది. తెల్లారేసరికి రంగు అణువులన్నీ బయటే పెద్దవైపోయాయి. ఇక పొలుసులు ఎంత వదులైనా లోపలికి ఎలా దూరతాయి? వెంట్రుక పైన, చర్మం పైన అతుక్కున్నాయి, దిండుకి అంటుకున్నాయి. డబ్బా రంగుల్లో రెండు సీసాలు విడిగా ఇచ్చి, కలిపిన వెంటనే రాయమనేది, మిగిలింది దాచొద్దనేది ఇందుకే. మా అమ్మ జుట్టుకి ఏ లోపమూ లేదు.

‘అమ్మోనియా లేదు’ అన్నంత మాత్రాన క్షారం లేదని కాదు. చాలా కంపెనీలు దాని బదులు వాసన తక్కువుండే మోనోఇథనాలమైన్ వాడతాయి. పొలుసులు అప్పుడూ వదులవుతాయి.

సరే, కొనేవాళ్ళకి రెండు ముక్కలు. పిపిడి ఉన్న రంగు మీద మన దేశంలో హెచ్చరిక తప్పనిసరిగా ఉండాలి: ముందు చర్మం మీద పరీక్షించాలి, కనుబొమలకీ రెప్పవెంట్రుకలకీ వాడకూడదు, చూపు పోవచ్చు అని. నా ప్యాకెట్ మీద తులసి మొక్క బొమ్మ తప్ప ఏమీ లేదు. కొన్నది ఏదైనా కాస్త చెవి వెనక రాసి ఒకరోజు ఆగండి. పెళ్ళిళ్ళలో నల్ల మెహెందీ పెట్టించుకుని ఎప్పుడైనా చెయ్యి దురదపెట్టి బొబ్బలెక్కినవాళ్ళు మాత్రం ఆ పరీక్ష కూడా చేసుకోకండి, ఇలాంటి పొడి జోలికే వెళ్ళకండి.