యెరూషలేములో చూపించే ‘సూదిబెజ్జం’: చూసినవి, విన్నవి, నమ్మదగినవి

తెలుగువారి పవిత్రభూమి యాత్రా బృందాలు యెరూషలేము పాత నగరంలో తిరిగేటప్పుడు, ఏదో ఒక ద్వారం దగ్గర గైడు ఆగి, “ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించుటకంటె ఒంటె సూదిబెజ్జంలో దూరుట సులభమని మత్తయి సువార్తలో ప్రభువు చెప్పింది ఈ చిన్న తలుపు గురించే, రాత్రి పెద్ద తలుపులు మూసేశాక ఒంటె బరువు దించుకుని, మోకాళ్ల మీద ఇందులోంచి వచ్చేది” అని వివరించడం పరిపాటి. మా గైడు ఈ మాట యాఫా ద్వారం దగ్గర చెప్పారు. ఆయన దారి చూపించడంలో, పెద్దవాళ్లను ఓపికగా నడిపించడంలో వంక పెట్టడానికి లేదు గాని, ఈ ఒక్క వివరణను మాత్రం యాత్రికులు అలాగే ఇంటికి తీసుకువెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు కనిపించే ప్రాకారాలూ, యాఫా ద్వారమూ ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ కాలంలో, అంటే 1530ల చివర్లో మొదలుపెట్టి కట్టినవి. యేసు ఆ మాట చెప్పిన కాలానికీ వీటికీ మధ్య 1,500 ఏళ్లు ఉన్నాయి. అప్పటి నగరంలో ‘సూదిబెజ్జం’ అనే పేరుగల ద్వారం ఉండేదని చెప్పే ఆ కాలపు రాత గాని, శాసనం గాని లేదు. ఈ వివరణ మనకు కనిపించేది మధ్యయుగపు లాటిన్ వ్యాఖ్యానాల్లో. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ సువార్తల మీద కూర్చిన వ్యాఖ్యాన సంకలనంలోనూ ఇది ఉంది. పైగా ఒంటె మోకాళ్లు మడిచి కూలబడేది బరువు ఎక్కించుకోవడానికీ దించుకోవడానికీ గాని, ఆ భంగిమలో గుమ్మం దాటడానికి కాదు.

పవిత్ర సమాధి ఆలయానికి కాస్త తూర్పున ఉన్న రష్యన్ల అలెగ్జాండర్ నెవ్‌స్కీ ఆలయం మాత్రం తప్పక చూడాలి. 1880లలో అక్కడ తవ్వకాలు జరిగి పాత గోడలూ, రోమన్ల నాటి తోరణపు శిథిలమూ, అరిగిపోయిన ఒక గడప రాయీ బయటపడ్డాయి. ఆ గడప పక్క గోడలో మనిషి ఒంటిని కుదించుకుంటే పట్టేటంత కంత ఒకటి ఉంది. దాన్ని కూడా ‘సూదిబెజ్జం’ అనే చూపిస్తారు. ఎదురుగా నిలబడి చూస్తే ఒంటె మాట అటుంచి, దాని మీద వేసే గంత కూడా అందులో పట్టదు. పేరు సంగతి ఎలా ఉన్నా, జనం తక్కువగా ఉండే ఆ నేలమాళిగలో రోమన్ నగరపు రాళ్లను తీరిగ్గా చూడవచ్చు; చెల్లించే కొద్దిపాటి రుసుముకు అది చాలు.

మా బృందంలోని ఒక పాస్టరుగారు రాత్రి భోజనాల దగ్గర మరో వాదం లేవనెత్తారు. గ్రీకులో ఒంటెను ‘కామేలోస్’ అంటారు, ఓడను కట్టే లావుపాటి మోకును ‘కామిలోస్’ అంటారు. కాబట్టి మూలంలో ఉన్నది మోకేనని ఆయన అన్నారు. ఇది ద్వారం కథ కన్నా పాతది, మరింత ఆలోచించదగినది. 5వ శతాబ్దపు అలెగ్జాండ్రియా సిరిల్ కూడా మోకు అనే అర్థమే చెప్పినట్టు తెలుస్తోంది. కాలక్రమంలో గ్రీకు ఉచ్చారణలో ‘ఏ’ కారం ‘ఈ’ కారంగా మారడంతో, రెండు మాటలూ చెవికి ఒకేలా వినిపించాయి. కానీ 4వ శతాబ్దపు వాటికన్, సీనాయి బైబిలు చేతిరాత ప్రతుల్లో ఉన్నది ఒంటే. ‘కామిలోస్’ కనిపించేది తరవాతి కొద్ది ప్రతుల్లోనే. వింతగా తోచే ఒంటెను పోలికకు అతికే మోకుగా ఎవరో దిద్ది ఉంటారనుకోవడం సహజం. సరిగ్గా ఉన్న మోకును తీసి ఒంటెను పెట్టాలని ఎవరికి తోస్తుంది? అయినా మోకు మాత్రం సూదిలోకి ఎక్కుతుందా!

ఇలాంటి అతిశయోక్తి ఈ ఒక్కచోటే కాదు, అదే మత్తయి సువార్తలో దోమను వడగట్టి ఒంటెను మింగేవారి మాట కూడా ఉంది. యూదుల ధర్మగ్రంథమైన బబులోను తల్మూదులో ఏనుగు సూదిబెజ్జంలో దూరడం అసాధ్యానికి గుర్తుగా వస్తుంది. శిష్యులు విస్తుపోయి “అలాగైతే ఎవడు రక్షణ పొందగలడు?” అని అడగడమే ఇక్కడ అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. బరువు దించుకుని వంగితే సరిపోయేదైతే వాళ్లు అలా అడిగేవారు కాదు, “ఇది మనుష్యులకు అసాధ్యము” అనే జవాబూ వచ్చేది కాదు.

ఇక బస విషయానికొస్తే, చాలా బృందాలకు బేత్లెహేములోనే గదులు ఇస్తారు. గదులు చవక, భోజనం బాగుంటుంది, కానీ యెరూషలేముకు వచ్చే దారిలో తనిఖీ కేంద్రం దగ్గర ఎంతసేపు ఆగాలో ముందే చెప్పలేము. పాత నగరంలోని యాత్రికుల వసతి గృహాలు ఇరుకుగా, మెట్లతో ఉన్నా, నెవ్‌స్కీ ఆలయం లాంటి చోట్లకు నడిచి వెళ్లవచ్చు కాబట్టి మోకాళ్ల నొప్పులు లేనివారికి నేను వాటినే సూచిస్తాను. బేత్లెహేములో ఉండేవారు క్రీస్తు జనన ఆలయపు పొట్టి గుమ్మాన్ని చూస్తారు. నిలువెత్తు మనిషి వంగి వెళ్లాల్సిన ఆ ద్వారాన్ని గుర్రాలూ బండ్లూ లోపలికి రాకుండా తరవాతి కాలంలో కుదించారని చెబుతారు. దాన్నీ సూదిబెజ్జంతో ముడిపెట్టే గైడు దొరికితే, ఆ గుమ్మం ఎప్పటిదని మర్యాదగా అడగండి.