అన్‌లిస్టెడ్ వీడియో: మూడేళ్ల తర్వాత నా మాట

అనంతపురంలో ఇంటర్ పిల్లలకు గణితం చెబుతాను. తరగతికి రాలేని వారి కోసం మూడేళ్లుగా పాఠాలను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడుతున్నాను. వెతికితే దొరకవు, ఛానల్ పేజీలో కనిపించవు, లింకు అందినవారు లాగిన్ కాకుండానే చూసుకోవచ్చు. మొదటి ఏడాది ఈ సదుపాయాన్ని తోటి మాస్టార్లందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

నా దగ్గర చదివేది 38 మంది. ఏ పాఠానికీ వీక్షణలు వంద దాటేవి కావు. ఒక ఆదివారం చూస్తే సమాకలనం పాఠానికి 1,400 ఉన్నాయి. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిచి చూస్తే వాటిలో ఎక్కువ ప్లేలిస్టుల నుంచి వచ్చినవే. మా అమ్మాయిల్లో ఒకరు చదువుకోవడానికి వీలుగా ఉంటుందని పాఠాలన్నీ ఒక ప్లేలిస్టులో చేర్చుకుంది. ఆ ప్లేలిస్టు పబ్లిక్. లింకు ఉన్న ఎవరైనా అన్‌లిస్టెడ్ వీడియోను అలా చేర్చవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

వీక్షణలు పెరిగితే బాధ లేదు. ఆ పాఠంలో ఒక అబ్బాయి పేరు, మార్కులు చెప్పి, అతని జవాబులో చివర స్థిరరాశి జారిపోయిన చోటును బోర్డు మీద ఎర్ర సుద్దతో చుట్టి చూపించాను. మన పిల్లల మధ్య మాటే కదా అనుకున్నాను. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "సార్, మా బంధువులు కూడా చూశారు" అన్నారు. ఆ పూట అన్నం సహించలేదు.

వెంటనే ప్రైవేట్‌కు మార్చాను. బయటివారితో పాటు నా పిల్లలకూ తలుపు మూసుకుపోయింది. తిరిగి అన్‌లిస్టెడ్ చేస్తే అదే లింకు, అదే ప్లేలిస్టులో మళ్లీ తెరుచుకుంది. సెట్టింగు మార్చినా వీడియో చిరునామా మారదు. చివరికి ఆ వీడియోను తొలగించి, పేరు చెప్పిన భాగం కత్తిరించి కొత్తగా ఎక్కించాను. పిల్లల సందేహాలకు కింద రాసిన జవాబులన్నీ పాత వీడియోతోనే పోయాయి.

ప్రైవేట్‌లోనే ఉంచి ఈమెయిల్‌తో 50 మంది వరకు ఆహ్వానించవచ్చు. నా సంఖ్యకు అది సరిపోతుంది కూడా. కానీ ఆహ్వానం అందిన ఖాతాతోనే లాగిన్ కావాలి. మా పిల్లల్లో చాలామంది చూసేది నాన్న ఫోనులో, నాన్న ఖాతాతో. పైగా ప్రైవేట్ వీడియో కింద వ్యాఖ్యలు ఉండవు.

షెడ్యూల్ మాత్రం ఇబ్బంది పెట్టలేదు. సమయం వచ్చేదాకా వీడియో ప్రైవేట్‌గా ఉంటుంది, ఆ తర్వాత అందరికీ పబ్లిక్ అవుతుంది. అందుకే పరీక్షల ముందు ఊరందరికీ ఇచ్చే పునశ్చరణ పాఠాలకే దాన్ని వాడుతున్నాను.

తరగతి పాఠాలకు నేను ఇప్పటికీ అన్‌లిస్టెడే వాడుతున్నాను, నాన్న ఫోను మీద ఆధారపడే పిల్లలకు నా దగ్గర వేరే దారి లేదు కనుక. రికార్డింగు నొక్కాక మాత్రం ఎవరి పేరూ పలకను. జవాబుపత్రం చూపించాల్సి వస్తే పై అంచు మడిచి పెడతాను.