ఎర్ర సాస్‌లో ఎండ్ పాయింట్: డెరివేటివ్, గ్రాన్ ప్లాట్ ఏళ్ల తరబడి వాడాక

వరంగల్‌లో మిర్చి సాస్ శాంపిళ్లకు ఎసిటిక్ ఆమ్లం శాతం తీయడం నా పని. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు ఆ ఎర్రటి మడ్డిలో ఎవరికీ కనపడదు. ఇద్దరు చూస్తే రెండు రీడింగులు వస్తాయి. అందుకే గ్లాస్ ఎలక్ట్రోడ్, పీహెచ్ మీటర్‌తోనే టైట్రేషన్ చేస్తున్నా.

ఒక శాంపిల్ చూడండి. 5 గ్రాముల సాస్‌ను 50 మి.లీ. నీళ్లలో కలిపి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పోశాను. చివర్లో 0.1 మి.లీ. చొప్పున పోస్తుంటే 9.6 దగ్గర పీహెచ్ 6.33, ఆపైన వరుసగా 6.54, 6.97, 9.83, 10.37. ఒక్కో తేడాను 0.1తో భాగిస్తే 2.1, 4.3, 28.6, 5.4 వస్తాయి. శిఖరం 9.8కి, 9.9కి మధ్య ఉంది కాబట్టి ఎండ్ పాయింట్ 9.85. ఇదే ఫస్ట్ డెరివేటివ్. తిప్పలన్నీ ఆ శిఖరం దగ్గరే. అక్కడ మీటర్ అంకె ఓ పట్టాన నిలవదు. మిర్చి నూనె ఎలక్ట్రోడ్‌కు పట్టిందంటే ఇక చెప్పనక్కర్లేదు. తొందరపడి రాసుకుంటే శిఖరం ఎక్కువ మి.లీ. వైపు జరుగుతుంది.

నాకు గ్రాన్ ప్లాట్ నచ్చింది అందుకే. 1952లో గ్రాన్ ప్రచురించిన ఈ పద్ధతికి ఆ గందరగోళం కంటే ముందున్న, పీహెచ్ నెమ్మదిగా మారే రీడింగులు చాలు. అదే శాంపిల్‌లో 6, 7, 8, 9 మి.లీ. దగ్గర పీహెచ్ 4.95, 5.15, 5.39, 5.78. స్ప్రెడ్‌షీట్‌లో ఎ కాలమ్‌లో మి.లీ., బి కాలమ్‌లో పీహెచ్ రాసి, సి కాలమ్‌లో మొదటి ఫార్ములా కిందికి లాగితే, ఆ విలువలు మి.లీ. పెరిగేకొద్దీ ఒకే గీత మీద తగ్గుతాయి. ఆ గీత సున్నాను తాకే చోటే ఎండ్ పాయింట్, దాన్ని రెండో ఫార్ములా ఇస్తుంది:

```
=A2*10^(-B2)
=-INTERCEPT(C2:C5,A2:A5)/SLOPE(C2:C5,A2:A5)
```

నాకు 9.86 వచ్చింది. అంటే 59.2 మి.గ్రా. ఆమ్లం, సుమారు 1.18 శాతం. ఇంకో సుఖం ఏంటంటే, మీటర్ అన్ని రీడింగుల్లోనూ ఒకే 0.1 ఎక్కువ చూపించినా గీత సున్నాను తాకే చోటు మారదు. ఎలక్ట్రోడ్ స్లోప్, అంటే ఒక్కో పీహెచ్ తేడాకు అది ఇచ్చే మిల్లీవోల్టులు, తగ్గితే మాత్రం గీత వంగుతుంది. నేను పీహెచ్ 4, 7 బఫర్లతో రోజూ చూస్తాను. ఆ స్లోప్ 95 శాతం కంటే తగ్గినా, 4 బఫర్‌లో అంకె నిలవడానికి నిమిషం దాటినా గోరువెచ్చని డిటర్జెంట్ నీళ్లతో కడుగుతాను. మా ఎండలకు మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఇట్టే ఆరిపోతుంది, అదీ కాస్త చూసుకోవాలి.

టమాటా ఎక్కువున్న సాస్‌కు మాత్రం ఈ ఫార్ములా పనికిరాదు. అందులోని సిట్రిక్ ఆమ్లం మూడు అంచెల్లో ప్రోటాన్లు వదులుతుంది కాబట్టి నాలుగు బిందువులు గీత మీద కూర్చోవు. అలా వంపు కనబడిందంటే గ్రాన్ పక్కనపెట్టి, ఒక్కో చుక్కకు ఓపికగా ఆగుతూ డెరివేటివ్‌కే వెళ్తాను.