కీచుమనే గ్రాఫిక్స్ కార్డుతో చాలాకాలం: ఏ శబ్దాన్ని వదిలేయొచ్చు, దేన్ని వదలకూడదు

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. కార్డు మంచిదే, ఇప్పటికీ వాడుతున్నాను, మార్చే ఆలోచన కూడా లేదు. కానీ లోడ్ పడితే కీచుమంటుంది, దీన్నే కాయిల్ వైన్ అంటారు. ఆ సంగతి బాక్సు మీద ఎవరూ రాయరు కాబట్టి ఇంతకాలం వాడాక తెలిసింది ఇక్కడ పెడుతున్నాను. కార్డు 220 వాట్లది, పవర్ సప్లై 650 వాట్లది, మానిటర్ 144 హెర్ట్జ్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఒకే మోడల్‌లో ఒక కార్డు నిశ్శబ్దంగా ఉంటుంది, పక్క కార్డు అరుస్తుంది.

వైజాగ్‌లో ఇది ఎండాకాలం కొంటే మొదట్లో తెలియకపోవచ్చు. ఎంవీపీ కాలనీలో మా గదిలో ఏప్రిల్ నుంచి సీలింగ్ ఫ్యాను ఫుల్లులోనే తిరుగుతుంది, ఆ హోరులో ఏమీ వినపడదు. డిసెంబర్‌లో ఫ్యాను ఆపేశాక రాత్రిపూట గేమ్ మెనూ తెరిస్తే గోడలో కీచురాయి దూరినట్టు సన్నగా, ఆగకుండా ఒకటే మోత.

కార్డు మీద చిప్ చుట్టూ చిన్న చిన్న నల్లటి లేక బూడిదరంగు దిమ్మలు వరసగా ఉంటాయి, అవే కాయిళ్లు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను చిప్‌కి కావాల్సిన 1 వోల్టు దగ్గరికి దించే సర్క్యూట్‌లో అవి భాగం. ఆ సర్క్యూట్ సెకనుకు కొన్ని లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటితే వినలేదు కాబట్టి ఆ వేగం వల్ల శబ్దం వినపడకూడదు. మరి వినపడేది ఏమిటంటే లోడ్ ఎగుడుదిగుళ్లు. చిప్ ఒక ఫ్రేమ్ గీసేటప్పుడు కరెంటు గబుక్కున లాగుతుంది, అది అయిపోయి తర్వాతది మొదలయ్యేలోపు కాస్త తగ్గుతుంది. అంటే సెకనుకు 900 ఫ్రేములు వస్తుంటే కాయిల్‌లో కరెంటు కూడా దాదాపు 900 సార్లు ఊగుతుంది. అలా ఊగినప్పుడల్లా తీగ చుట్లు అయస్కాంత బలానికి కాస్త కదులుతాయి, లోపలి కోర్ కూడా అతి సూక్ష్మంగా సాగి ముడుచుకుంటుంది. 900తో పాటు దాని రెట్లు, అంటే 1800, 2700, 3600 కూడా మోగుతాయి. మన చెవికి బాగా పదునుగా తగిలేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యే, అందుకే శబ్దం చిన్నదైనా అంత చిరాకు పెడుతుంది. కాయిళ్లే కాదు, బోర్డు మీది సిరామిక్ కెపాసిటర్లు కూడా వోల్టేజీ ఊగితే వణికి బోర్డునే మోగిస్తాయి.

ఇది తెలిస్తే శబ్దం ఎక్కడిదో పట్టుకోవడం తేలిక. నేను చేసింది ఇది. కార్డు సెట్టింగులు మార్చే MSI Afterburner అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, తెర మీద ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల అంకె కనపడేలా చేసుకుని, కీచుమనే మెనూలో కూర్చున్నాను. అంకె 900 దగ్గర ఉంది. డ్రైవర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్రేమ్ రేటును 300కి కట్టేస్తే స్వరం ఒక్కసారిగా కిందికి దిగింది, 140కి కట్టేస్తే దాదాపు పోయింది. అంకెతో పాటు స్వరం కూడా దిగిందంటే అది కాయిలే. ఫ్యాన్ బేరింగ్ అయితే ఎఫ్‌పీఎస్‌తో దానికి సంబంధం ఉండదు, ఫ్యాన్ వేగం మారితేనే మారుతుంది. మెనూలో 900 ఫ్రేములు గీసి ఒరిగేదేమీ లేదు, 144 హెర్ట్జ్ తెర అన్నిటిని చూపించలేదు కూడా. కాబట్టి ఈ కట్టడి వల్ల నాకు పోయింది ఏమీ లేదు.

బరువైన గేముల్లో మాత్రం కట్టడి ఒక్కటే సరిపోలేదు. అక్కడ ఎఫ్‌పీఎస్ ఎలాగూ 90 దాటదు, కార్డు మొత్తం 220 వాట్లూ లాగుతుంది, కీచు పోయి గరగరలాడే బజ్ వస్తుంది. దీనికి పనిచేసింది అండర్‌వోల్ట్. Afterburner‌లో Ctrl+F కొడితే వోల్టేజీ, క్లాక్ గీత వస్తుంది. నా కార్డు మామూలుగా 1.05 వోల్టుల దగ్గర నడిచేది, దాన్ని 0.9 దగ్గర ఆపి క్లాక్ కాస్త తగ్గించాను. వాడకం 180 వాట్ల దగ్గరికి వచ్చింది, ఎఫ్‌పీఎస్‌లో తేడా ఆడుతుంటే తెలియదు, బజ్ మాత్రం కేసు మూత పెట్టాక వినపడనంతగా తగ్గింది. మీ కార్డుకి ఇదే అంకె కుదరాలని లేదు. గేమ్ మధ్యలో క్రాష్ అయితే వోల్టేజీ ఒక మెట్టు పెంచండి. అంత ఓపిక లేకపోతే Power Limit‌ను 85 శాతం దగ్గర పెట్టినా చాలావరకు పని జరుగుతుంది. కాయిళ్ల మీద జిగురు, నెయిల్ పాలిష్ పూయమనే సలహా మాత్రం వినొద్దు. ఇప్పటి కాయిళ్లు చాలావరకు లోపలే పోతపోసి వస్తాయి, పైన పూస్తే లోపలికి దిగేది ఏమీ లేదు, వారంటీ పోతుంది అంతే.

ఇక పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు మా పీసీ వెనక నుంచి జుయ్యిమని మోత వచ్చేది, గేమ్ లేకపోయినా, డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా సరే. కరెంటు రాగానే ఆగిపోయేది. మద్దిలపాలెంలో ఉండే మా ఫ్రెండ్ "మావా, నీ ఎస్‌ఎంపీఎస్ పోతోంది రా, మార్చెయ్" అన్నాడు. కానీ తేడా వచ్చింది ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాదు. మా పాత ఇన్వర్టర్ ఇచ్చేది స్క్వేర్ వేవ్. మామూలు కరెంటు 50 హెర్ట్జ్‌లో నున్నగా పైకీ కిందికీ పోతుంది, స్క్వేర్ వేవ్‌లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఒక్కసారిగా పడుతుంది. ఆ ప్రతి ఎగురుడుకీ పవర్ సప్లై ముందుభాగంలోని ఫిల్టర్ కాయిళ్లలోకి కరెంటు దూకుతుంది, సెకనుకు వంద సార్లు. అదే ఆ మోత. ఫ్రెండ్ ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టినా ఇన్వర్టర్ మీద అదీ మోగింది. సైన్ వేవ్ ఇన్వర్టర్ వచ్చాక రెండూ మోగలేదు. గేముల్లోని కీచు మాత్రం ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోలేదు, అది కార్డుదే. కీచు పోవాలని వేలు పోసి పవర్ సప్లై కొనే ముందు ఒకరి దగ్గర అడిగి తెచ్చి పెట్టి చూడండి. కొన్ని జతల్లో తగ్గుతుంది, కొన్నిటిలో ఏ తేడా ఉండదు.

కాయిల్ వైన్ ఒక్కటే ఉంటే కార్డు ఆయుష్షుకి ఢోకా లేదు. నాకు టెన్షన్ పెట్టే శబ్దాలు వేరు. లోడ్‌తో సంబంధం లేకుండా చిటచిటమని ఆగి ఆగి రావడం, దాంతో పాటు కాలిన వాసన, లేక బరువైన గేమ్‌లోకి వెళ్లగానే పీసీ దానంతటదే రీస్టార్ట్ అవడం. ఇలాంటప్పుడు వెంటనే స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి, ఇక పరీక్షలు వద్దు. కార్డు పవర్ కనెక్టర్ కరిగిందేమో, వదులైందేమో ప్లగ్ తీశాకే చూడండి. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసినా కొంతసేపు అలాగే నిలిచి ఉండొచ్చు.

వారంటీ సంగతికొస్తే, నేను కొన్న షాపులో "అన్ని కార్డులూ ఇంతే సార్, ఇది ఫాల్ట్ కింద రాదు" అన్నారు. చాలా కంపెనీల మాట కూడా దాదాపు ఇదే. కాబట్టి కొన్న వారంలోపే, రిప్లేస్‌మెంట్ గడువు ఉండగానే, గదిలో ఫ్యానూ ఏసీ ఆపి, కేసు మూత తీసి, ఒకసారి మెనూలో ఫ్రేమ్ కట్టడి లేకుండా, ఒకసారి బరువైన గేమ్‌లో వినండి. మీరు కూర్చునే చోటికి మూత పెట్టాక కూడా వినపడితే, తెర మీద ఎఫ్‌పీఎస్ అంకె కనపడేలా వీడియో తీసి అప్పుడే మార్పు అడగండి.