లెక్క కంటే ముందు మెథడ్: పాత పేపర్లతో కొన్నేళ్లు వాడి చూశాక

నల్లగొండలో డిప్లొమా, బీటెక్ ఈఈఈ పిల్లలకు సాయంత్రాలు సర్క్యూట్స్ చెబుతుంటాను. క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ తీయించిన పాత ప్రశ్నపత్రాల కట్టే మాకు పాఠ్యపుస్తకం. ఈ సమీక్ష ఆ కట్ట గురించి కాదు, దాన్ని వాడే ఒక అలవాటు గురించి. ప్రశ్న చదవగానే కాలిక్యులేటర్ తీయకూడదు. మార్జిన్‌లో ముందు మూడు ముక్కలు రాయాలి: ఏం అడిగారు, ఏ మెథడ్, ఎన్ని సమీకరణాలు. ఆ తర్వాతే లెక్క.

వినడానికి ఇది చాదస్తంలా ఉంటుంది. మొదట్లో పిల్లలు సణుగుతారు కూడా. కానీ పాత పేపర్లు వరసగా తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. బొమ్మ దాదాపు అదే ఉంటుంది, విలువలు మారుతుంటాయి, అసలు మార్పంతా చివరి వాక్యంలో ఉంటుంది. ఒకసారి ‘లోడ్‌లో కరెంట్ ఎంత’ అంటారు. ఇంకోసారి ‘లోడ్ మూడు విలువలకు కరెంట్ కనుక్కోండి’ అంటారు. మరోసారి ‘గరిష్ఠ పవర్ రావాలంటే లోడ్ ఎంత ఉండాలి’ అంటారు. బొమ్మ చూసి ‘ఇది చేసిందే’ అని మొదలుపెట్టినవాడు చివరి వాక్యం దగ్గర ఇరుక్కుంటాడు. అందుకే మా దగ్గర ప్రశ్నను కింది నుంచి చదువుతారు.

ఒక బొమ్మ తీసుకుందాం. 24 వోల్టుల సోర్స్ ఉంది, 6 ఓమ్‌ల గుండా A అనే నోడ్‌కి చేరుతుంది. A నుంచి గ్రౌండ్‌కి 3 ఓమ్‌లు. గ్రౌండ్ నుంచి A లోకి 3 ఆంపియర్ల కరెంట్ సోర్స్. A నుంచి 4 ఓమ్‌లు, దానికి సిరీస్‌లో లోడ్, లోడ్ రెండో కొస గ్రౌండ్‌లో. పేపర్లలో ఇలాంటి బొమ్మ ఎన్ని రూపాల్లో వచ్చిందో చెప్పలేను.

మొదటి రకం ప్రశ్న: లోడ్ 6 ఓమ్‌లు, అందులో కరెంట్ ఎంత? మెష్ అలవాటైన పిల్లాడు చటుక్కున మూడు లూపులు గీసేస్తాడు. కరెంట్ సోర్స్ రెండు లూపుల మధ్య పడుతుంది, దాని మీద వోల్టేజ్ ఎంతో తెలియదు, కాబట్టి సూపర్‌మెష్ చేయాలి. చివరికి మూడు తెలియని కరెంట్లు, మూడు సమీకరణాలు. ఇప్పుడు నోడ్ వైపు నుంచి చూడండి. వోల్టేజ్ సోర్స్ ఒక కొస గ్రౌండ్‌లో ఉంది, కాబట్టి రెండో కొస 24 వోల్టులని ముందే తెలుసు. 4 ఓమ్‌లూ లోడూ సిరీస్‌లో ఉన్నాయి, వాటిని కలిపి 10 ఓమ్‌లు అనుకుంటే మధ్య నోడ్ అవసరమే లేదు. మిగిలింది A ఒక్కటే.

```
(V − 24)/6 + V/3 + V/10 = 3
0.6 V = 7
V = 11.67
I = 11.67/10 = 1.167
```

లోడ్ కరెంట్ 1.167 ఆంపియర్లు. సరిచూడటం కూడా సులువే. A లోకి సోర్స్ వైపు నుంచి 2.06, కరెంట్ సోర్స్ నుంచి 3, మొత్తం 5.06 వస్తున్నాయి. బయటికి 3 ఓమ్‌లలో 3.89, లోడ్ వైపు 1.17, అవీ 5.06. మెష్‌తో చేసినా ఇదే జవాబు వస్తుంది. తేడా ఏమిటంటే ఒకటి నాలుగు గీతల్లో అయిపోతుంది, రెండోది పేజీ నిండా గుర్తులు తప్పే అవకాశాలతో నడుస్తుంది. మార్జిన్‌లో ‘ఎన్ని సమీకరణాలు’ అని రాయించేది అందుకే. గ్రౌండ్ పోగా మిగిలిన నోడ్‌ల నుంచి వోల్టేజ్ సోర్స్‌ల సంఖ్య తీసేస్తే నోడల్‌కి ఎన్ని కావాలో తెలుస్తుంది. లూపుల నుంచి కరెంట్ సోర్స్‌లు తీసేస్తే మెష్‌కి నిజంగా తెలియనివి ఎన్నో తెలుస్తుంది. ఇక్కడ మూడింట్లో ఒకటి పోతే మెష్‌కి రెండు, నోడల్‌కి ఒకటి. ఏది తక్కువైతే అది. ఈ లెక్కకు పది సెకన్లు చాలు.

రెండో రకం: లోడ్ 2, 6, 10 ఓమ్‌లు అయినప్పుడు కరెంట్ ఎంతెంత? ఇక్కడ కూడా నోడల్‌తోనే మూడుసార్లు చేసేవాళ్లున్నారు. తప్పు కాదు, కానీ అదే పని మూడుసార్లు. లోడ్ మారుతుంది అన్న మాట కనపడగానే మార్జిన్‌లో థెవెనిన్ అని రాయాలి. లోడ్ తీసేస్తే 4 ఓమ్‌లలో కరెంట్ ఉండదు, A వోల్టేజే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్: V/6 + V/3 = 4 + 3, అంటే 14 వోల్టులు. రెసిస్టెన్స్ కోసం వోల్టేజ్ సోర్స్‌ని షార్ట్ చేసి, కరెంట్ సోర్స్‌ని ఓపెన్ చేస్తే 6, 3 ప్యారలల్ అయ్యి 2, దానికి 4 కలిపితే 6 ఓమ్‌లు. ఇక మూడు జవాబులూ మూడు భాగహారాలే: 14/8 = 1.75, 14/12 = 1.167, 14/16 = 0.875. ‘గరిష్ఠ పవర్’ అని అడిగినా ఇదే సరిపోతుంది. లోడ్ 6 ఓమ్‌లు, పవర్ 14 × 14 / 24, అంటే 8.17 వాట్లు.

ఈ అలవాటు బాగా అక్కరకొచ్చేది సూపర్‌పొజిషన్ దగ్గర. దేవరకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇదే బొమ్మ మీద పవర్ లెక్క చేసి, నోట్‌బుక్ నా ముందు పెట్టి, “సార్, రెండు సోర్సులవి కలిపిన గద, సగమే ఎందుకొస్తుంది?” అంది. 24 వోల్టులు ఒక్కటే ఉంటే లోడ్‌లో 0.667 ఆంపియర్లు, 3 ఆంపియర్ల సోర్స్ ఒక్కటే ఉంటే 0.5. కలిపితే 1.167, అంతవరకు కరెక్టే. ఆమె మాత్రం పవర్లు కలిపింది: 2.67, 1.5 కలిసి 4.17 వాట్లు. అసలుది 8.17. మిగిలిన 4 వాట్లు ఎక్కడికీ పోలేదు, (a + b)² లో 2ab అవే. 2 × 6 × 0.667 × 0.5 వేసి చూస్తే సరిగ్గా 4 వస్తుంది. కరెంట్లు కలిపాకే వర్గం చేయాలి. మార్జిన్‌లో ‘అడిగింది: పవర్’ అని ముందే రాసుకుంటే సూపర్‌పొజిషన్‌ని కరెంట్ దగ్గరే ఆపాలని తడుతుంది. దీనికో మినహాయింపు ఉంది. ఒక సోర్స్ డీసీ, ఇంకోటి ఏసీ అయితే, లేదా రెండు ఏసీల ఫ్రీక్వెన్సీలు వేరైతే సగటు పవర్లు కలపొచ్చు, ఎందుకంటే ఆ 2ab భాగం సగటు సున్నా అవుతుంది. అక్కడ రెండిటినీ ఒకే ఫేజర్ లెక్కలో పెట్టలేం కాబట్టి సూపర్‌పొజిషన్ తప్పనిసరి కూడా.

ఇక డిపెండెంట్ సోర్స్. పాత బొమ్మలో ఒక వజ్రం గుర్తు పెట్టి పిల్లల్ని తికమక పెట్టడం పేపర్ సెట్టర్లకు సరదా. అదే సర్క్యూట్‌లో 3 ఆంపియర్ల సోర్స్ బదులు A లోకి 2ix ఇచ్చే సోర్స్ ఉందనుకోండి, ix అంటే 24 వోల్టుల వైపు నుంచి 6 ఓమ్‌లలో A కి వచ్చే కరెంట్. ఓపెన్ సర్క్యూట్‌లో A లోకి వచ్చేది మొత్తం 3ix:

```
3 (24 − V)/6 = V/3
V = 14.4
```

పాత అలవాటుకొద్దీ కరెంట్ సోర్స్‌ని ఓపెన్ చేస్తే రెసిస్టెన్స్ మళ్లీ 6 ఓమ్‌లే వస్తుంది. అదే తప్పు. ఆ వజ్రం బతకడానికి కారణం ix, సర్క్యూట్‌లో కరెంట్ పారినంతసేపు అదీ పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి లోడ్ చోట షార్ట్ పెట్టి కరెంట్ కనుక్కోవాలి. అప్పుడు A దగ్గర 3 (24 − V)/6 = V/3 + V/4, V 11.08 వోల్టులు, షార్ట్ కరెంట్ 2.77 ఆంపియర్లు. 14.4 ని 2.77 తో భాగిస్తే 5.2 ఓమ్‌లు. ఆరుకీ దీనికీ తేడా చిన్నదే, అందుకే ప్రమాదం. జవాబు నమ్మదగ్గట్టే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఒకసారి ఓ సాల్వ్డ్ గైడ్‌లో కూడా డిపెండెంట్ సోర్స్‌ని ఓపెన్ చేసి ముద్రించడం చూశాను. వజ్రం కనపడితే మార్జిన్‌లో ‘ఓపెన్, షార్ట్ రెండూ’ అని రాయడం మా రూల్. సర్క్యూట్‌లో డిపెండెంట్ సోర్స్ ఒక్కటే ఉండి, ఇండిపెండెంట్ సోర్స్ ఏదీ లేకపోతే ఇది కూడా పనిచేయదు, రెండూ సున్నాలొస్తాయి. అప్పుడు లోడ్ చోట 1 ఆంపియర్ మనమే పెట్టి అక్కడ వచ్చే వోల్టేజ్ చూడాలి.

నచ్చనివీ ఉన్నాయి. ప్రశ్నలోనే ‘మెష్ పద్ధతిలో సాధించండి’ అని ఉంటే ఎంచుకోవడానికేం లేదు. వేరే దారిలో జవాబు సరిగ్గా వచ్చినా స్టెప్పుల మార్కులు పోవచ్చు. అలాంటి చోట నేను చెప్పేది ఒకటే: అడిగిన మెథడ్‌లోనే చేయండి, తక్కువ సమీకరణాల దారితో పక్కన సరిచూసుకోండి. బ్రిడ్జ్ సర్క్యూట్‌లలో కూడా ఎన్ని సమీకరణాలన్న లెక్క ఒక్కటే చాలదు. మెష్ మూడని, నోడల్ రెండని రాస్తారు, డెల్టా నుంచి స్టార్‌కి మారిస్తే అసలు సమీకరణమే అక్కర్లేదన్న సంగతి ఆ లెక్కలో కనపడదు. సగటు పిల్లలకు ఈ అలవాటు కుదరడానికి ఒక సెమిస్టర్ పడుతుంది, పరీక్షకు వారం ముందు మొదలుపెడితే టెన్షన్ తప్ప లాభం లేదు.

ఏసీ చాప్టర్లో మార్జిన్‌లో ఇంకో ముక్క కలిపాను: లోడ్‌లో ఏది మారుతుంది? థెవెనిన్ ఇంపీడెన్స్ 3 + j4 ఓమ్‌లు వచ్చిందనుకోండి. లోడ్ ఇంపీడెన్స్ మొత్తం మార్చుకోవచ్చంటే గరిష్ఠ పవర్‌కు 3 − j4 పెట్టాలి. ‘వేరియబుల్ రెసిస్టర్’ అని మాత్రమే ఇస్తే జవాబు 3 కాదు, 5 ఓమ్‌లు. పాత పేపర్లలో ఈ రెండు రకాలూ వస్తాయి. తేడా తెలిసేది ఆ ‘రెసిస్టర్’ అన్న ఒక్క మాటతోనే, అది కూడా ఎక్కువగా ప్రశ్న చివర్లోనే ఉంటుంది.