పెళ్లి తర్వాత ‘అన్ని రికార్డుల్లో పేరు మార్పు’ ప్యాకేజీ తీసుకునేవాళ్లు ముందు ఇది చదవండి

మా వైపు, అంటే పాలకొల్లు, భీమవరం, నరసాపురం చుట్టుపక్కల, ఈమధ్య నెట్ సెంటర్ల ముందు ఒక బోర్డు ఎక్కువగా కనిపిస్తోంది: ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నింట్లో ఇంటిపేరు మార్పు, ఒకటే ప్యాకేజీ. నేను 2024 జూన్‌లో అలాంటి ఒక చోట డబ్బు కట్టాను. 6,500కి మాట్లాడి 4,000 అడ్వాన్స్ ఇచ్చాను. నా పీఎఫ్ డబ్బు తొమ్మిది నెలలు ఆగిపోయింది. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. మిగతాదంతా రాస్తున్నాను, ఎందుకంటే మా వీధిలోనే ఇంకో ఇద్దరు అమ్మాయిలు అదే ప్యాకేజీకి సిద్ధపడుతున్నారు.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో 2016 నుంచి 2023 మార్చి వరకు ప్యాకింగ్ సెక్షన్ లెక్కలు చూశాను. 2022లో పెళ్లయింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. ఉద్యోగం మానేశాక పీఎఫ్ డబ్బు తీసి, మా అత్తయ్యగారి ఇంటి పైకప్పు వేయించాలని అనుకున్నాం. ఆ సమయంలో ఎవరో అన్నారు, “ఇంటిపేరు మార్పించుకోకుండా క్లెయిమ్ పెడితే రేపు ఇబ్బంది అవుతుంది” అని. అదే నన్ను తప్పు దారి పట్టించిన మాట. నిజానికి అప్పటికి నా ఆధార్, బ్యాంకు, పాన్, పీఎఫ్ నాలుగూ పుట్టింటి పేరుతో అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. ఆ రోజే క్లెయిమ్ పెట్టి ఉంటే అడ్డమే ఉండేది కాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. పుట్టింటి పేరుతోనే జీవితాంతం ఉండొచ్చు.

షాపతను మర్యాదగానే మాట్లాడాడు. “అక్కా, నాకొదిలేయండి, పదిహేను రోజుల్లో అన్నీ అయిపోతాయండి ఆయ్” అన్నాడు. పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకున్నాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ ఒకటి రాయించాడు. దానికి వేరే 600 తీసుకున్నాడు. ఆధార్ సెంటర్‌కి తనే తీసుకెళ్లాడు.

అక్కడే మొదటి దెబ్బ. నా పేరు సత్యదుర్గ. పాత కార్డులో ఇంగ్లీషులో SATYA DURGA అని రెండు ముక్కలుగా ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్‌లోనూ అంతే. ఆపరేటర్‌కి షాపతను నోటితో చెప్పాడు, అతను SATYADURGA అని కలిపి కొట్టాడు. సంతకం పెట్టే ముందు స్క్రీన్ మన వైపు తిప్పి చూపిస్తారు. నేను తెలుగు అక్షరాలే చూశాను, అవి సరిగానే ఉన్నాయి. ఇంగ్లీషు వరస చదవలేదు. ఇంటికొచ్చి అప్‌డేట్ స్లిప్‌ను లైటు కింద పెట్టి చదువుతుంటే మా ఆయన అన్నారు, “మధ్యలో ఖాళీ ఏదీ?” అని.

చిన్న ఖాళీయే కదా అనుకోకండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తంలో రెండే అవకాశాలు. ఇంటిపేరు మార్పుతో ఒకటి పోయింది. ఆ ఖాళీ సరిచేయించడానికి ఆగస్టులో రెండోది పోయింది. ఇక మార్చాలంటే మామూలు సెంటర్‌లో కుదరదు. గెజిట్ లాంటి గట్టి కాగితంతో ఆధార్ ప్రాంతీయ కార్యాలయాన్ని ప్రత్యేకంగా అడగాలి. మన రాష్ట్రానికి అది హైదరాబాద్‌లో ఉంది. ఆధార్ పేరు మార్పుకి అప్పట్లో సర్కారు రుసుము 50 రూపాయలు, 2025 అక్టోబరు నుంచి 75. ప్యాకేజీలో నేను కట్టిన దానితో పోల్చుకోండి.

తర్వాత బ్యాంకు. కౌంటర్‌లో అమ్మాయి నోటరీ అఫిడవిట్ చూసి పక్కన పెట్టేసింది. “దీంతో కాదండి, పెళ్లి సర్టిఫికెట్ ఇవ్వండి” అంది. అది షాపతని దగ్గర ఉంది. అతనేమో మిగతా 2,500 ఇస్తేనే ఇస్తానన్నాడు. మేము సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. ఇది చాలామందికి తెలియదు, ఒరిజినల్ ఎవరి దగ్గరైనా చిక్కుకుంటే కంగారు పడి డబ్బు కట్టేయక్కర్లేదు, మీ రిజిస్ట్రేషన్ వివరాలు చెబితే మళ్లీ కాపీ ఇస్తారు.

బ్యాంకులో తర్వాత తెలిసిన విషయం ఇంకొకటి. రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో స్పష్టంగా ఉంది: గుర్తింపు కార్డు పాత పేరుతో ఉన్నా, పేరు మారినట్టు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ గానీ గెజిట్ నోటిఫికేషన్ గానీ దానికి తోడుగా ఉంటే ఆ కార్డు చెల్లుతుంది. అంటే బ్యాంకు కోసం ముందుగా ఆధార్ మార్చి తీరాలన్న నియమం లేదు. పాత ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, చేతిరాత దరఖాస్తు, పాత సంతకం, కొత్త సంతకం పట్టుకెళ్తే సరిపోవాలి. నోటరీ అఫిడవిట్‌కి ఆ జాబితాలో చోటు లేదు. ఎవరైనా స్టాంపు పేపరు మీద రాయించి “ఇదే చాలు” అంటే అక్కడే ఆగిపోండి.

పెళ్లి సర్టిఫికెట్‌ని నేను గోదావరి దాటించే పంటుతో పోలుస్తాను. ఈ రేవులో మీ పాత పేరు, ఆ రేవులో అత్తింటి ఇంటిపేరు. పంటు రెండు వైపులా సరిగ్గా ఆనాలి. సర్టిఫికెట్‌లో వధువు పేరు మీ పాత కార్డులో ఉన్నట్టే ఉండాలి, వరుడి ఇంటిపేరు స్పెల్లింగ్ మీరు తీసుకోబోయే ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక్కటే కావాలి. మన ఇంటిపేర్లని ఇంగ్లీషులో రాస్తే ఒకే ఇంట్లో అన్నదమ్ములకే రెండు రకాలుగా ఉంటుంది. ముందు అది చూసుకోండి, సర్టిఫికెట్‌లోనే తప్పుంటే దాన్ని సరిచేయించి అప్పుడు మిగతావి మొదలుపెట్టండి.

జాతకం కోసమో ఇష్టం కొద్దీ పేరు మార్చుకునేవాళ్లకి పెళ్లి సర్టిఫికెట్ ఉండదు కాబట్టి గెజిట్ దారే. మా పిన్నిగారి అబ్బాయి అలాగే చేశాడు, నెలలు పట్టింది.

ఇక పీఎఫ్. అసలు కష్టం ఇక్కడే. బ్యాంకు అకౌంటు కొత్త పేరుకి మారింది, ఆధార్ కొత్త పేరుకి మారింది, పీఎఫ్‌లో మాత్రం పుట్టింటి పేరే ఉంది. సెప్టెంబరులో షాపతను క్లెయిమ్ పెట్టాడు. ఫారం 19 పీఎఫ్ డబ్బుకి, ఫారం 10సి పింఛను వాటాకి. నాకు పదేళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి పింఛను వాటా తీసుకోవచ్చు. నిండినవాళ్లకి అది పింఛనుగానే ఉండిపోతుంది, 58 ఏళ్లప్పుడు మళ్లీ ఈ పేరు దగ్గరికే రావాలి. రెండు క్లెయిములూ పేరు సరిపోలలేదని తిరస్కరించారు. బ్యాంకు చెప్పే పేరు, పీఎఫ్ రికార్డులో పేరు ఒకటి కానప్పుడు డబ్బు వెళ్లదు. ఆ విషయం క్లెయిమ్ పెట్టకముందే చెప్పగలిగిందే. క్లెయిమ్ పెట్టిన ఫీజు అని 500 అడిగాడు.

పీఎఫ్‌లో పేరు మార్పుకి జాయింట్ డిక్లరేషన్ అని ఒక దరఖాస్తు ఉంటుంది. సభ్యుల పోర్టల్‌లో మన లాగిన్ నుంచే పెట్టాలి. నా యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యులకి ఇచ్చే నంబరు, 2016లోది. 2017 అక్టోబరు 1కి ముందు వచ్చిన యూఏఎన్ అయితే కంపెనీ ఆమోదిస్తేనే పేరు మారుతుంది. ఆ తేదీ తర్వాత వచ్చి, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ అయితే 2025 జనవరి నుంచి కంపెనీ ప్రమేయం లేకుండా మనమే మార్చుకోవచ్చు. కాబట్టి ఎవరికైనా డబ్బు కట్టేముందు మీ యూఏఎన్ ఏ సంవత్సరంలోదో చూసుకోండి. పాతదైతే ఏ షాపువాడూ మీ కంపెనీ తరఫున ఆమోదం నొక్కలేడు. ఫ్యాక్టరీలో హెచ్ఆర్ మారిపోయారు. కొత్తాయన పాత రిజిస్టర్లు తీయించడానికి నేను మూడుసార్లు బస్సెక్కి వెళ్లాల్సి వచ్చింది. తిట్టుకోను, ఆయన తప్పు లేదు. మూసేసిన ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల సంగతి ఆలోచిస్తేనే భయంగా ఉంది.

ఇంకో సంగతి, అన్నింటికంటే ఇది నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. క్లెయిమ్ పేరుతో షాపతను నా ఓటీపీలు మూడుసార్లు అడిగాడు, నేను ఫోన్‌లో చదివి చెప్పాను. అక్టోబరులో పాస్‌బుక్ చూద్దామని లాగిన్ అవుతుంటే ఓటీపీ రాలేదు. స్క్రీన్ మీద చూపించిన నంబరు చివరి అంకెలు నావి కావు. యూఏఎన్‌లో తన మొబైల్ నంబరు పెట్టుకున్నాడు. అడిగితే “పని తేలిగ్గా అవుతుందని అక్కా” అన్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయాం అన్న దారిలో వెళ్లి, ఆధార్‌కి లింకైన నా నంబరుకి వచ్చిన ఓటీపీతో మళ్లీ నా నంబరు పెట్టుకున్నాను. డబ్బేమీ పోలేదు. కానీ ఏడేళ్ల కష్టార్జితం అన్ని రోజులు వేరే మనిషి ఫోన్ చేతిలో ఉంది.

పెద్దవాళ్ల పింఛన్ల విషయంలో కూడా ఒక మాట. ఇదే షాపులో ఒక పెద్దావిడ, భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పింఛనుకి బ్యాంకులో పేరు సరిచేయిస్తామంటే డబ్బు కట్టింది. పింఛను ఆర్డరులో, అంటే పీపీఓలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. పీపీఓలో అక్షరం మార్చే అధికారం బ్యాంకుకి లేదు. పింఛను మంజూరు చేసిన ఆఫీసే మార్చాలి, రాష్ట్ర ప్రభుత్వ పింఛను అయితే ట్రెజరీలో దరఖాస్తు ఇచ్చి మొదలుపెట్టాలి. బ్యాంకులో పేరు ఆధార్ ప్రకారం మార్చేసి పీపీఓని వదిలేస్తే, ఇప్పటిదాకా కలిసి ఉన్నవి కూడా విడిపోతాయి.

నా జాయింట్ డిక్లరేషన్ 2025 ఫిబ్రవరిలో ఆమోదం పొందింది. తర్వాత క్లెయిమ్ నేనే పెట్టాను, మార్చిలో డబ్బు పడింది.

ఇప్పుడు మా వీధి అమ్మాయిలకి చెప్తున్నది ఇదే. ఉద్యోగం మానేసి డబ్బు తీసుకునేవాళ్లు పాత పేరుతోనే క్లెయిమ్ పెట్టి, డబ్బు అకౌంట్లో పడ్డాక పేరు సంగతి చూడండి. ఉద్యోగంలో ఉంటూ మార్చుకోవాలనుకుంటే, హెచ్ఆర్ ఎదురుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ముందు సర్టిఫికెట్ స్పెల్లింగ్, తర్వాత ఆధార్, అది కార్డులో సరిగ్గా వచ్చాక పాన్, బ్యాంకు, పీఎఫ్ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఏ క్లెయిమూ పెట్టకుండా. ఆధార్ సెంటర్‌లో ఇంగ్లీషు వరసని మీరే వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఒరిజినల్ ఎవరికీ వదలకండి, జిరాక్స్ మీద ‘పేరు మార్పు కోసం మాత్రమే’ అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

నా అడ్వాన్స్ 4,000 ఇంకా రాలేదు. రసీదు అడిగితే చిన్న కాగితం ముక్క మీద ‘నేమ్ చేంజ్’ అని రాసిచ్చాడు, షాపు పేరు కూడా లేదు. మీలో ఎవరైనా అలాంటి కాగితంతో డబ్బు కట్టి ఉంటే, ఈరోజే మీ యూఏఎన్‌లో మొబైల్ నంబరు ఎవరిదో చూసుకోండి.